పిల్లల ముక్కులోంచి రక్తం కారితే: వేలు ఎక్కడ పెట్టాలి, టైమ్ ఎప్పటినుంచి లెక్కపెట్టాలి

పిల్లల ముక్కులోంచి ఉన్నట్టుండి రక్తం కారిందంటే మన ఇళ్ళల్లో మొదట జరిగేది తల పైకెత్తించడం. ఆ వెంటనే నెత్తిమీద చన్నీళ్ళు, ఉల్లిపాయ కోసి వాసన చూపించడం, కొన్ని ఊళ్ళలో గరిక నలిపి ఆ రసం ముక్కులో పిండడం. ఇవి చేశాక రక్తం ఆగిపోయిన సందర్భాలు అందరికీ తెలుసు కాబట్టి వీటిమీద నమ్మకం కూడా గట్టిగానే ఉంటుంది. అయితే పిల్లల్లో వచ్చే ముక్కు రక్తం ఎక్కువసార్లు మనం ఏమీ చేయకపోయినా కొన్ని నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది, ఆ క్రెడిట్ అప్పుడు చేతిలో ఉన్న ఉల్లిపాయకి వెళ్ళిపోతుంది. అసలు సమస్య అలా తగ్గని రోజున వస్తుంది. ఆ రోజు ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా చెబుతుంటే, పనికొచ్చే ఒక్క పని మాత్రం ఎవరూ చేయకుండా పావుగంట గడిచిపోతుంది.

ఆ ఒక్క పని ఏంటో అర్థం కావాలంటే రక్తం ఎక్కడినుంచి వస్తోందో ముందు తెలియాలి. రెండు ముక్కు రంధ్రాల మధ్య ఒక గోడ ఉంటుంది కదా, దాని ముందు భాగంలో, అంటే పిల్లవాడు వేలు పెడితే సరిగ్గా తగిలే చోట, నాలుగైదు వైపులనుంచి వచ్చిన సన్నని రక్తనాళాలు ఒకచోట కలిసి వలలా అల్లుకుని ఉంటాయి. డాక్టర్లు దీన్ని లిటిల్స్ ఏరియా అంటారు. ఇక్కడ నాళాలమీద ఉండే పొర చాలా పల్చన, దానికింద వెంటనే మృదులాస్థి. జలుబు తగ్గాక ముక్కులో పక్కు కడుతుంది, పిల్లలు దాన్ని గోరుతో గీకుతారు, పక్కుతోపాటు పొర కూడా లేచి వస్తుంది, రక్తం మొదలవుతుంది. ఎండాకాలం వడగాలికి, రాత్రంతా ఏసీ గాలికి ఆ పొర ఎండి పగిలినా ఇదే జరుగుతుంది. అలర్జీతో పొద్దస్తమానం ముక్కు నలుపుకునే పిల్లల్లో ఇంకా ఎక్కువ. ‘మామిడిపండ్లు తిని వేడి చేసింది’ అని మన పెద్దవాళ్ళు అనే మాటలో ఎండాకాలానికి, ముక్కు రక్తానికి సంబంధం ఉందన్న గమనింపు నిజమే, కాకపోతే కారణం పండు కాదు, పొడిగాలి.

పిల్లల్లో ముక్కు రక్తం పదికి తొమ్మిదిసార్లు ఇక్కడినుంచే. ఇది మంచి వార్త, ఎందుకంటే ఈ చోటు ముక్కు ముందు భాగంలోనే ఉంది, బయటినుంచి రెండు వేళ్ళతో నొక్కితే అందుతుంది. చేతిమీద కోసుకుంటే గాయంమీదే నొక్కి పడతాం కదా, ఇక్కడా అంతే, గాయం ఉన్న చోటే నొక్కాలి. మిగతా సలహాలన్నిటినీ ఈ కొలతతోనే చూడండి. నెత్తిమీద నీళ్ళు ఆ చోటుని నొక్కవు. ఉల్లిపాయ వాసన అసలే నొక్కదు, పైగా తుమ్ము తెప్పిస్తే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. గరిక రసం సంగతి చెప్పాలంటే, తెరుచుకుని ఉన్న గాయంలో మట్టి నీళ్ళు పోయడం ఎవరికీ మంచిది కాదు.

ఇప్పుడు కూర్చునే తీరు. పిల్లవాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, నడుము దగ్గర కొద్దిగా ముందుకి వంచాలి, తల కూడా కాస్త ముందుకే ఉండాలి, గడ్డం కింద ఒక గిన్నో పాత టవలో పట్టాలి. నోరు తెరిచి నోటితోనే గాలి పీల్చుకోమనాలి. నోట్లోకి రక్తం వస్తే మింగకుండా గిన్నెలో ఉమ్మమనాలి. ముందుకి వంగినంత మాత్రాన రక్తం పెరగదు, అప్పటిదాకా గొంతులోకి పోతున్నది బయటికి కనపడుతుంది, అంతే. తల వెనక్కి వాల్చితే జరిగేది దీనికి ఉల్టా. రక్తం ఆగదు, కనపడటం మాత్రమే ఆగుతుంది, గొంతు వెనకనుంచి కడుపులోకి దిగుతుంది. కడుపులో పడిన రక్తం వికారం తెప్పిస్తుంది, కాసేపటికి పిల్లవాడు ముదురు ఎరుపో గోధుమరంగో వాంతి చేసుకోవచ్చు, అది చూసి ఇంట్లోవాళ్ళకి టెన్షన్ రెట్టింపవుతుంది. ఆ వాంతి ఒత్తిడికి ముక్కులో రక్తం మళ్ళీ మొదలవుతుంది. ఏడుస్తున్న చిన్నపిల్లలైతే పొలమారి ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం కూడా ఉంది. పడుకోబెట్టడం ఇందుకే వద్దు. స్పృహ సరిగా లేకపోతే మాత్రం పక్కకి తిప్పి పడుకోబెట్టి, రక్తం నోటినుంచి బయటికి కారేలా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

రెండు మూడేళ్ళ పిల్లలు చెప్పిన మాట వినరు. వాళ్ళని మీ ఒళ్ళో, వాళ్ళ వీపు మీ ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. ఒక చెయ్యి నుదుటిమీద పెట్టి తల కొద్దిగా ముందుకి ఉండేలా పట్టుకుంటే రెండో చెయ్యి ముక్కు నొక్కడానికి ఖాళీగా ఉంటుంది. ఏడుపుకి తలలో రక్తం ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఫోన్‌లో వాళ్ళకి నచ్చిన వీడియో పెట్టడం ఇక్కడ మందుతో సమానం. ‘ఫోన్ అలవాటు చేయకూడదు’ అనే నియమాన్ని ఈ పది నిమిషాలు పక్కన పెట్టండి.

నొక్కడం దగ్గరే ఎక్కువమంది పొరపడతారు, అందుకే దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను. మీ ముక్కు మీరే పట్టుకుని చూడండి. కళ్ళద్దాలు ఆనే చోట గట్టిగా ఎముక తగులుతుంది. అక్కడినుంచి వేళ్ళు కిందికి జారిస్తే, ముక్కు సగం దాటాక మెత్తటి భాగం వస్తుంది, నొక్కితే లోపలికి పోతుంది. నొక్కాల్సింది ఆ మెత్తటి భాగాన్నే. నీళ్ళలో మునిగేముందు ముక్కు మూసుకుంటామే, అదే పట్టు. బొటనవేలు ఒకపక్క, చూపుడువేలు ఇంకోపక్క పెట్టి రెండు రంధ్రాలూ పూర్తిగా మూసుకుపోయేలా పట్టుకోవాలి, రక్తం ఒకవైపే వస్తున్నా సరే రెండువైపులా నొక్కాలి, ఎందుకంటే రెండో వైపు దన్ను లేకపోతే మధ్య గోడమీద ఒత్తిడి సరిగా పడదు. పైన ఎముక పట్టుకుని ఎంతసేపు నొక్కినా లాభం లేదు, ఎముక లోపలికి వంగదు, రక్తం కారే చోటు దానికి చాలా కిందుంది. చివర మొన ఒక్కటే పట్టుకుంటే కూడా జారిపోతుంది.

ఎంత గట్టిగా అంటే, పిల్లవాడు ముక్కుతో గాలి పీల్చలేనంత, కానీ నొప్పితో తల లాగేసుకునేంత కాదు. సరిగ్గా పట్టుకున్నారా లేదా అన్నది తెలుసుకోవడం తేలిక: నొక్కి ఉంచినప్పుడు ముక్కు ముందునుంచి రక్తం కారడం దాదాపు ఆగిపోవాలి, గొంతులోకి కూడా ధారగా దిగకూడదు. వేళ్ళ పక్కనుంచి ఇంకా కారుతుంటే పట్టు కొంచెం కిందికో పైకో జరిపి చూడండి.

ఇలా పది నిమిషాలు. అంచనాకి కాదు, గోడమీద గడియారమో ఫోన్‌లో టైమరో చూసి పది నిమిషాలు, మధ్యలో ఒక్కసారి కూడా వదలకుండా. గాయమైన నాళం దగ్గరకి ముందు ప్లేట్‌లెట్లు చేరి ఒక మెత్తటి మూతలా అడ్డుపడతాయి, ఆ తర్వాత దానిమీద దారాల్లాంటి ప్రోటీన్ అల్లుకుని అది గట్టిపడుతుంది, దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. రెండో నిమిషంలో ‘ఆగిందేమో చూద్దాం’ అని వేళ్ళు తీస్తే అప్పుడప్పుడే కడుతున్న మెత్తటి గడ్డ రక్తంతో కొట్టుకుపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. రెండు నిమిషాలకోసారి చొప్పున అయిదుసార్లు చూశారనుకోండి, అది పది నిమిషాలు నొక్కినట్టు కాదు, రెండు నిమిషాల ప్రయత్నం అయిదుసార్లు ఫెయిలైనట్టు. దూదో టిష్యూ పేపరో లోపల కుక్కడం కూడా ఇంతే. అది రక్తాన్ని పీల్చుకుంటుంది గానీ సరిగ్గా ఆ చోటుని నొక్కదు, తీసేటప్పుడు గడ్డని అంటిపెట్టుకుని ఊడదీస్తుంది, ఒక్కోసారి చిన్న ముక్క లోపలే ఉండిపోయి వారం తర్వాత కుళ్ళు వాసనతో బయటపడుతుంది.

ఐస్ గురించి అడుగుతారు. నోట్లో చిన్న ఐస్ ముక్క చప్పరించనివ్వడం, ముక్కుమీద చల్లటి గుడ్డ పెట్టడం కొంచెం సాయపడొచ్చు, పిల్లలకి హాయిగానూ ఉంటుంది, కానీ నాలుగేళ్ళలోపు వాళ్ళకి ఐస్ ముక్క గొంతుకి అడ్డం పడొచ్చు. ఐస్ కోసం ముక్కు వదిలేసి ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తేంత అవసరం మాత్రం లేదు.

ఒక ఉదాహరణ తీసుకుని నడిపిస్తే ఈ టైమ్ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. మే నెల, ఖమ్మం, ఆరేళ్ళ బాబు, నాలుగురోజుల కిందటే జలుబు తగ్గింది. రాత్రి 9:40కి నిద్రలోనే ముక్కు నలుపుకున్నాడు, దిండుమీద రక్తం. నాయనమ్మ తల పైకెత్తమంది, వాళ్ళ నాన్న కళ్ళ మధ్య ఎముక దగ్గర పట్టుకుని నొక్కుతున్నాడు, అమ్మ నిమిషానికోసారి చెయ్యి తీయించి చూస్తోంది. 9:55కి కూడా ఆగలేదు, బాబు ఒకసారి వాంతి చేసుకున్నాడు. ‘పావుగంటైనా ఆగట్లేదు, పద ఆసుపత్రికి’ అని కారు తాళాలు వెతుకుతున్నారు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, సరైన చోట నొక్కడం ఇంకా మొదలే కాలేదు కాబట్టి ఆ పదిహేను నిమిషాలు లెక్కలోకి రావు. బాబు తెలివిగా మాట్లాడుతున్నాడు, ఒళ్ళు పాలిపోలేదు, రక్తం చుక్కలుగానే పడుతోంది, జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు. అలాంటప్పుడు 9:56కి కూర్చోబెట్టి, ఒకసారి మెల్లగా చీదించి లోపల కట్టిన మెత్తటి గడ్డల్ని బయటికి రానిచ్చి, ముందుకి వంచి మెత్తటి భాగం పట్టుకుని ఫోన్‌లో టైమర్ పెట్టాలి. 10:06కి మెల్లగా వదిలి చూస్తారు. ఇంకా కారుతుంటే వెంటనే మళ్ళీ పట్టుకుని ఇంకో పది నిమిషాలు. 10:16కి కూడా ఆగకపోతే బయల్దేరాలి, దారి పొడుగునా ఎవరో ఒకరు వెనక సీట్లో ముక్కు పట్టుకునే ఉండాలి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి మొదటి పది నిమిషాలకే ఆగిపోతుంది.

ఇరవై నిమిషాల నియమం అందరికీ కాదు. రక్తం చుక్కలుగా కాకుండా ధారగా పోతుంటే, పిల్లవాడు పాలిపోయి చెమటలు పట్టి మగతగా ఉంటే, కళ్ళు తిరుగుతున్నాయంటే, ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే టైమర్ పెట్టుకుని కూర్చోకండి, ముక్కు నొక్కి పట్టుకునే 108 పిలవండి. ముక్కు సరిగ్గా పట్టుకున్నా గొంతులోకి గుటక గుటకగా రక్తం దిగుతూనే ఉంటే అది వెనక వైపు పెద్ద నాళం అయుండొచ్చు, దానికి మన వేళ్ళు అందవు. పిల్లల్లో ఇది అరుదు, కానీ ఉంటే ఆసుపత్రిలోనే ఆగుతుంది.

ఎంత రక్తం పోయిందన్నది కంటితో చూసి చెప్పడం కష్టం. పిల్లల ఒంట్లో కిలోకి సుమారు 75 నుంచి 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది, అంటే 18 కిలోల పిల్లవాడికి సుమారు 1.4 లీటర్లు. ఒక టీస్పూను రక్తం, అంటే 5 మిల్లీలీటర్లు, తెల్ల చొక్కామీద పడితే ఒళ్ళు గగుర్పొడిచేంత మరక అవుతుంది. అందుకే గిన్నె పట్టమని చెప్పేది, బట్టమీద కంటే గిన్నెలో అయితే ఎంతో తెలుస్తుంది. మరకని కాకుండా పిల్లవాడి ముఖం, మాట, హుషారు చూడండి. మర్నాడు విరేచనం నల్లగా వస్తే అది మింగిన రక్తం కావచ్చు, ఒకటి రెండు రోజుల్లో మామూలైపోవాలి.

దెబ్బ తగిలి వచ్చిన రక్తానిది వేరే కథ. క్రికెట్ బంతి తగిలో, మెట్లమీద పడో ముక్కు వంకర పోతే ఎలాగూ చూపిస్తారు. చాలామంది వదిలేసేది ఇంకొకటి ఉంది. రక్తం ఆగిపోయింది, కానీ ఆ రోజో మర్నాడో ముక్కు రెండువైపులా బిగుసుకుపోయింది, నొప్పి పెరుగుతోంది, టార్చితో చూస్తే మధ్య గోడ ఎర్రగానో ఊదారంగులోనో ఉబ్బి ఉంది. గోడ లోపలే రక్తం చేరిందన్నమాట. దీన్ని అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు తీసేయాలి, రెండు మూడు రోజులు ఊరుకుంటే మృదులాస్థికి రక్తం అందక, చీము కూడా పట్టి, తర్వాత ముక్కు మధ్యలో అణిగిపోతుంది. తలకి దెబ్బ తగిలాక ముక్కులోంచి నీళ్ళలాంటి ద్రవం కారినా, స్పృహ తప్పినా, వాంతులైనా నేరుగా పెద్దాసుపత్రికే.

జ్వరంతో పాటు ముక్కు రక్తం వస్తే మన రాష్ట్రాల్లో, ముఖ్యంగా వానాకాలం, ఆ తర్వాతి నెలల్లో, డెంగీని మనసులో పెట్టుకోవాలి. జ్వరం మొదలైన మూడోరోజు నుంచి ఏడోరోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగుతున్న సమయంలో, ముక్కులోంచో చిగుళ్ళలోంచో రక్తం రావడం, కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, ఇవి ప్రమాద సూచనలు. అప్పుడు అది కొద్దిగానే వచ్చి ఆగిపోయినా అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఆ జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఇవ్వకూడదు, అవి ప్లేట్‌లెట్ల పనిని తగ్గించి రక్తస్రావాన్ని పెంచుతాయి. మెడికల్ షాపులో ‘జ్వరానికి గట్టి మందు’ అని ఇచ్చే సిరప్ సీసామీద ఇబుప్రోఫెన్ పేరు ఉందేమో చదవండి, పారాసెటమాల్‌తో కలిపి అమ్మే రకాలు చాలానే ఉన్నాయి.

ఇంకొన్ని సందర్భాల్లో రక్తం ఆగినా చూపించాల్సిందే, అత్యవసరంగా కాకపోయినా. రెండేళ్ళలోపు పిల్లలకి ముక్కు రక్తం రావడం మామూలు విషయం కాదు. వారానికోసారి చొప్పున వస్తూనే ఉంటే కూడా. ఒంటిమీద దెబ్బ తగలని చోట్ల కమిలిన మచ్చలు, నొక్కినా మాయం కాని సన్నటి ఎర్ర చుక్కలు, పళ్ళు తోముకుంటే చిగుళ్ళనుంచి రక్తం, బరువు తగ్గడం, పాలిపోవడం ఉంటే రక్త పరీక్ష ఆలస్యం చేయొద్దు. ఇంట్లో ఎవరికైనా పన్ను పీకించుకుంటే రక్తం చాలాసేపు ఆగకపోవడం, తల్లికి నెలసరిలో విపరీతంగా రక్తం పోవడం ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పండి, రక్తం గడ్డకట్టే గుణంలో లోపం కుటుంబాల్లో నడుస్తుంది, చాలామందికి తెలియనే తెలియదు. పదేళ్ళు దాటిన మగపిల్లల్లో ఎప్పుడూ ఒకేవైపునుంచి ఎక్కువగా రక్తం వస్తూ అదేవైపు ముక్కు మూసుకుపోతుంటే ముక్కు వెనక కణితి ఉందేమో చూస్తారు. చిన్నపిల్లల్లో ఒకవైపే రక్తంతో కలిసిన దుర్వాసన చీమిడి వస్తుంటే లోపల ఏదో దోపుకున్నారని అర్థం. శనగగింజో పూసో అయితే కొంత వ్యవధి ఉంటుంది, రిమోట్‌లోనో బొమ్మలోనో ఉండే బిళ్ళ బ్యాటరీ అయితే గంటల్లోనే మధ్య గోడని కాల్చేస్తుంది. ఆ అనుమానం ఉంటే ముక్కులో ఏ చుక్కలూ వేయకుండా, మీరు తీయబోకుండా, వెంటనే తీసుకెళ్ళండి.

రక్తం ఆగిన తర్వాత ఆ రోజంతా, వీలైతే మర్నాడు కూడా, ముక్కు చీదనివ్వకండి, గీకనివ్వకండి, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమనండి. ఎగిరి దూకే ఆటలు, మరీ వేడినీళ్ళ స్నానం, పొగలు కక్కే పాలు ఆ ఒక్కరోజు ఆపితే చాలు. రాత్రి తల కింద ఇంకో దిండు పెట్టండి. మళ్ళీ మళ్ళీ వచ్చే పిల్లలకి గోళ్ళు పొట్టిగా కత్తిరించి, పడుకునేముందు ఒక్కో ముక్కు రంధ్రం లోపల ముందు భాగంలో, మధ్య గోడకి, శనగగింజలో సగమంత వేజలిన్ వేలితో మెల్లగా రాసి బయటినుంచి ముక్కు నలిపితే పొర ఎండకుండా ఉంటుంది. పగలు రెండు మూడుసార్లు సెలైన్ చుక్కలు. రెండు మూడు వారాలు వదలకుండా చేస్తేనే ఫలితం కనపడుతుంది, ఎందుకంటే పక్కు ఊడటం, మళ్ళీ గాయం, మళ్ళీ పక్కు అనే తిరుగుడు తెగడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అలర్జీ ఉంటే దాని వైద్యమూ తోడవ్వాలి.

ఇంత చేసినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు లోపల లైటుతో చూసి, రక్తం కారే నాళం దొరికితే మత్తు మందు రాసి సిల్వర్ నైట్రేట్ పుల్లతో దాన్ని మాడుస్తారు, కొన్ని క్షణాల పని. ఒకే రోజు రెండువైపులా చేస్తే మధ్య గోడకి రంధ్రం పడే అవకాశం ఉంది కాబట్టి మామూలుగా ఒకవైపే చేసి రెండోది తర్వాతకి ఉంచుతారు, అది సగం వైద్యం అనుకోకండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నాలుగు విషయాలు రాసుకుని వెళ్ళండి: రక్తం మొదలైన టైమ్, ముందు ఏ వైపునుంచి వచ్చిందో, సరైన చోట వదలకుండా ఎంతసేపు నొక్కారో, గత వారంలో వేసిన మందులేంటో. మందుల పేర్లు గుర్తులేకపోతే సీసాలు సంచిలో వేసుకుని వెళ్తే సరిపోతుంది.